వరి మొక్కలో మూడు వారసత్వాలు: మైటోకాండ్రియా, హరితరేణువులు ఒకప్పటి బాక్టీరియాలని ఎలా తేలింది

సంక్షిప్తంగా: మొక్క కణంలోని మైటోకాండ్రియా, హరితరేణువులు ఒకప్పుడు స్వేచ్ఛగా బతికిన బాక్టీరియాల సంతతి అని అంతరసహజీవన సిద్ధాంతం చెబుతుంది. అవి చూడటానికి బాక్టీరియాల్లా ఉన్నాయన్నది దీనికి బలమైన ఆధారం కాదు. వాటి జన్యువులు కేంద్రకం నుంచి చీలినవా, బయటి నుంచి వచ్చినవా అన్నది 1970లలో రైబోసోమ్ ఆర్ఎన్ఏ పోలికతో తేలింది. వాటి జన్యువుల్లో చాలా తర్వాత కేంద్రకంలోకి వలస వెళ్లాయి. ఆ వలసను పెసర, సోయా, బఠానీల్లో ఇప్పటికీ దశలవారీగా చూడవచ్చు.

మడిలో కనిపించే రెండో వారసత్వం

యాసంగిలో హుజూరాబాద్, జమ్మికుంట, ఎల్కతుర్తి చుట్టుపక్కల హైబ్రిడ్ వరి విత్తనం పండించే మడులను చూస్తే ఆడ వరి, మగ వరి సాళ్లు విడివిడిగా కనిపిస్తాయి. వరి పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి గనుక 'ఆడ వరి' అనే మాటే మొదట వింతగా తోస్తుంది. ఆ సాళ్లలోని మొక్కల పుప్పొడి పనికిరాదు. అందుకే పూత సమయంలో తాడు లాగో, కర్రతో కదిలించో మగ సాళ్ల పుప్పొడిని ఆడ సాళ్ల మీద పడేలా చేస్తారు. ఆడ సాళ్లపై కాసిన గింజే హైబ్రిడ్ విత్తనం.

పుప్పొడి లేని ఆడ రకాన్ని ఏటేటా నిలబెట్టడానికి దానికి జతగా మరో రకాన్ని వాడతారు. విత్తన పరిశోధకులు మొదటిదాన్ని ఏ-లైన్ అని, జత రకాన్ని బీ-లైన్ అని అంటారు. పుప్పొడి విషయంలో తప్ప రెండూ ఒకేలా ఉంటాయి. ఏ-లైన్‌ను తయారు చేసేటప్పుడు ఆడ మొక్కను తీసుకుని, తరం తర్వాత తరం బీ-లైన్ పుప్పొడితోనే సంకరం చేస్తారు. ఒక్కో తరంలో పాత తల్లి కేంద్రక జన్యువుల వాటా సగానికి తగ్గుతుంది. ఎనిమిది తరాలు గడిచేసరికి అది అర శాతం కంటే తక్కువకు చేరుతుంది. అంటే కేంద్రకం దాదాపు పూర్తిగా బీ-లైన్‌దే అయిపోతుంది. అయినా పుప్పొడి తిరిగి రాదు. వంధ్యత్వానికి కారణమైన జన్యువు కేంద్రకంలో ఉంటే ఇలా జరగడం సాధ్యం కాదు. అది పుప్పొడి ద్వారా దాటని, అండకణం ద్వారా మాత్రమే దాటే చోట ఉండాలి.

ఆ చోటు మైటోకాండ్రియా. 1970లో చైనాలోని హైనాన్ దీవిలో దొరికిన అడవి వరి మొక్క నుంచి వచ్చిన వంధ్యత్వ రకాన్ని ప్రపంచమంతటా హైబ్రిడ్ వరికి విస్తృతంగా వాడుతున్నారు. దాని మైటోకాండ్రియా డీఎన్ఏలో వేర్వేరు తునకలు అతుక్కుని ఏర్పడిన ఒక జన్యువు ఉంది. దాని పేరు డబ్ల్యూఏ352. పుప్పొడిని చెడగొట్టేది ఇదేనని 2013లో తేలింది. హైబ్రిడ్ విత్తనం కొన్న రైతు పొలంలో గింజ కట్టాలంటే దీని ప్రభావాన్ని అణచాలి. ఆ పని మగ రకం కేంద్రకంలో ఉన్న 'పునరుద్ధారక' జన్యువులు చేస్తాయి. ఒకే కణంలో రెండు వేర్వేరు జన్యు సంపుటాలు ఒకదాని పనిని మరొకటి అడ్డుకోవడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

వరి కణంలో నిజానికి అలాంటి సంపుటాలు మూడు ఉన్నాయి. కేంద్రకంలో పన్నెండు క్రోమోజోముల మీద సుమారు 39 కోట్ల డీఎన్ఏ అక్షరాలు, మైటోకాండ్రియాలో 4,90,520, హరితరేణువులో 1,34,525. శక్తిని తయారు చేసే కణాంగాలకు సొంత డీఎన్ఏ ఎందుకు ఉండాలన్నదే అసలు ప్రశ్న.

పోలిక ఎందుకు చాలలేదు

సమాధానాన్ని ఊహించినవారు డీఎన్ఏ సంగతి తెలియక ముందే ఉన్నారు. హరితరేణువులు కణంలో కొత్తగా పుట్టవని, ఉన్నవే చీలి పెరుగుతాయని 1883లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త షింపర్ గమనించాడు. వాటి పుట్టుక ఒక సహజీవనాన్ని గుర్తు చేస్తోందని కూడా రాశాడు. 1905లో రష్యాకు చెందిన మెరెష్కోవ్‌స్కీ అవి నీలి ఆకుపచ్చ నాచు సంతతి అని నేరుగా వాదించాడు. నీలి ఆకుపచ్చ నాచును నేడు సయనోబాక్టీరియా అంటున్నారు. 1920లలో అమెరికాలో వాలిన్ మైటోకాండ్రియా కూడా బాక్టీరియాలేనని చెప్పి, వాటిని కణం బయట పెంచానని ప్రకటించాడు. ఆ ప్రకటన నిలబడలేదు. అతను పెంచినవి బయటి నుంచి కలిసిన మామూలు బాక్టీరియాలే అయి ఉండాలి. ఎందుకంటే మైటోకాండ్రియాకు కావలసిన ప్రొటీన్లలో అత్యధిక భాగాన్ని తయారు చేసే జన్యువులు కేంద్రకంలో ఉన్నాయి, కణం బయట అది బతకలేదు. ఈ విషయం వాలిన్ కాలంలో ఎవరికీ తెలియదు. ఒక్క తప్పుడు ప్రయోగం వల్ల ఆలోచన మొత్తానికి చెడ్డపేరు వచ్చి, నాలుగు దశాబ్దాలు మరుగున పడింది.

1962లో హరితరేణువులో, 1963లో మైటోకాండ్రియాలో డీఎన్ఏ ఉన్నట్టు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో కనిపించింది. 1967లో లిన్ మార్గులిస్ (అప్పట్లో లిన్ సేగన్) పాత ఆలోచనకు కొత్త ఆధారాలు కూర్చి విస్తృతమైన వ్యాసం ప్రచురించింది. రెండు పొరల త్వచం, బాక్టీరియా అంత పరిమాణం, చీలి రెండవడం, సొంత డీఎన్ఏ, సొంత రైబోసోములు వంటి పోలికలను నేటికీ పాఠ్యపుస్తకాలు వరుసగా చెబుతాయి.

అయితే ఈ జాబితాతో వాదన ముగియలేదు. 1972లో రాఫ్, మాహ్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎదురు వివరణ ఇచ్చారు. ఆదిమ కణం తన త్వచాన్ని లోపలికి మడిచి, తన డీఎన్ఏలో కొంత భాగాన్ని అందులో వేరుగా ఉంచితే మైటోకాండ్రియా లాంటిదే ఏర్పడుతుందని వారు చెప్పారు. కేంద్రకం ఉన్న కణాలు కూడా బాక్టీరియా లాంటి పూర్వీకుల నుంచే వచ్చాయి కాబట్టి, కణాంగాల్లో పాత లక్షణాలు మిగలడం ఆశ్చర్యం కాదన్నారు. నిజానికి పై జాబితాలోని ఒక్కో పోలిక ఈ రెండు వివరణలకూ సరిపోతుంది. పాఠ్యపుస్తకాలు ఈ సంగతిని సాధారణంగా దాటవేస్తాయి. రెండు వివరణల్లో ఒకదానికి మాత్రమే సరిపడే సాక్ష్యం కావాలి.

తేల్చిన పరీక్ష

రెండు వివరణలూ వేర్వేరుగా జోస్యం చెప్పే విషయం ఒకటి ఉంది. కణాంగం జన్యువులు కేంద్రకం నుంచి చీలినవైతే, అదే కణంలోని కేంద్రక జన్యువులే వాటికి దగ్గరి బంధువులు కావాలి. బయటి నుంచి వచ్చిన బాక్టీరియావైతే, ఏదో ఒక బాక్టీరియా జాతి దగ్గరి బంధువు కావాలి.

ఈ బంధుత్వాన్ని కొలవడానికి రైబోసోమ్ ఆర్ఎన్ఏ సరిగ్గా సరిపోయింది. ప్రొటీన్లు తయారు చేసే రైబోసోమ్ ప్రతి జీవిలోనూ ఉంటుంది, అంతటా ఒకే పని చేస్తుంది, చాలా నెమ్మదిగా మారుతుంది. అప్పటికి ఆర్ఎన్ఏ వరుసను మొత్తంగా చదవడం కష్టం. అందుకని కార్ల్ వూస్ అభివృద్ధి చేసిన తునకల పద్ధతిని వాడారు. ఆర్ఎన్ఏలో నాలుగు అక్షరాలుంటాయి. టీ1 అనే ఎంజైమ్ వాటిలో జీ అక్షరం వచ్చిన ప్రతిచోటా దాని తర్వాత కోస్తుంది. అలా వచ్చిన చిన్న తునకలను ఒక్కొక్కటిగా చదివి జాబితా తయారు చేస్తారు. తర్వాత రెండు జీవుల జాబితాల్లో పొడవైన తునకలు ఎన్ని ఉమ్మడిగా ఉన్నాయో చూస్తారు. ఒక తునకలో చివరి అక్షరం మాత్రమే జీ, మిగిలినవి మూడు అక్షరాల్లో ఏదైనా కావచ్చు. కాబట్టి ఎనిమిది అక్షరాల తునకకు 2,187 రూపాలు సాధ్యం. అంత పొడవైన తునకలు పదేపదే కలిస్తే అది కాకతాళీయమని చెప్పడం కష్టం.

1975లో కెనడాలోని హాలిఫాక్స్‌లో లిండా బోనెన్, ఫోర్డ్ డూలిటిల్ ఒక ఎర్ర శైవలం హరితరేణువు ఆర్ఎన్ఏను ఇలా పరీక్షించారు. అది అదే శైవలం కణద్రవ్యంలోని ఆర్ఎన్ఏకు దూరంగా, బాక్టీరియాలకు దగ్గరగా ఉందని తేలింది. మైటోకాండ్రియా విషయం రెండేళ్ల తర్వాత, గోధుమ పిండంతో తేలింది. మైఖేల్ గ్రే కూడా ఉన్న అదే నగర బృందం గోధుమ మైటోకాండ్రియా రైబోసోమ్ ఆర్ఎన్ఏను ఒకవైపు గోధుమ కణద్రవ్యంలోని దానితో, మరోవైపు ఈ. కోలై బాక్టీరియాలోని దానితో పోల్చింది. గోధుమలో ఆ రెండు ఆర్ఎన్ఏల పరిమాణం దాదాపు ఒకటే. రెంటినీ '18ఎస్' అనే అంటారు. ఈ. కోలైలోది '16ఎస్'. పరిమాణాన్ని నమ్మి ఉంటే గోధుమలోని రెండూ తోబుట్టువులని చెప్పాల్సి వచ్చేది. తునకలు చదివితే మాత్రం మైటోకాండ్రియా ఆర్ఎన్ఏ తన పక్కనే ఉన్న గోధుమ ఆర్ఎన్ఏ కంటే, ఎక్కడో ఉన్న ఈ. కోలైకే స్పష్టంగా దగ్గరగా కనిపించింది.

ఇంకా ఒక అభ్యంతరం మిగిలింది. కణాంగం జన్యువులు నిజంగా కేంద్రకం నుంచే చీలి, ఆ తర్వాత కేంద్రకం మాత్రమే వేగంగా మారి ఉంటే? అప్పుడు కూడా కణాంగం 'బాక్టీరియా లాగా' కనిపిస్తుంది. ఈ అభ్యంతరం నిజమైతే మైటోకాండ్రియా, హరితరేణువు రెండూ బాక్టీరియా వృక్షానికి మొదట్లోనే, అన్ని జాతులకూ సమాన దూరంలో ఉండాలి. తర్వాతి సంవత్సరాల్లో వరుసలు పూర్తిగా చదివాక కనిపించింది అది కాదు. హరితరేణువు సయనోబాక్టీరియా కొమ్మ లోపలికి వెళ్లి కూర్చుంది. మైటోకాండ్రియా, 1985లో వూస్ బృందం చూపినట్టు, ఆల్ఫా ప్రొటియోబాక్టీరియా అనే వేరే కొమ్మతో కలిసింది. పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల్లోని రైజోబియం ఈ కొమ్మకు చెందినదే. ఒకే కణంలోని రెండు కణాంగాలు రెండు వేర్వేరు బాక్టీరియా కుటుంబాలకు చెందాయంటే, అవి విడివిడిగా బయటి నుంచి వచ్చాయనడం తప్ప మరో వివరణ మిగలదు.

గోధుమను ఎంచుకోవడం ఒక విధంగా అదృష్టం. మనిషి మైటోకాండ్రియాలో ఇదే ఆర్ఎన్ఏ సుమారు 950 అక్షరాలకు కుదించుకుపోయింది, ఈ. కోలైలో అది 1,542 అక్షరాలు. జంతువుల్లో మైటోకాండ్రియా జన్యువులు చాలా వేగంగా మారుతాయి. జంతువులతో మొదలుపెట్టి ఉంటే ఫలితం అస్పష్టంగా వచ్చి, వివాదం మరికొన్నేళ్లు సాగేది. మొక్కల మైటోకాండ్రియా జన్యువుల అక్షరాలు నెమ్మదిగా మారుతాయి.

పోయిన జన్యువులు ఎక్కడికి పోయాయి

సిద్ధాంతం మీద పాఠకులకు సహజంగా వచ్చే సందేహం ఇది. స్వేచ్ఛగా బతికే చాలా సయనోబాక్టీరియాలకు మూడు వేలకు పైగా జన్యువులు ఉంటాయి. వరి హరితరేణువులో వంద పైచిలుకు మాత్రమే ఉన్నాయి. మనిషి మైటోకాండ్రియాలో 37 జన్యువులున్నాయి, వాటిలో ప్రొటీన్లకు సంబంధించినవి 13 మాత్రమే. కానీ మైటోకాండ్రియాలో పనిచేసే ప్రొటీన్లు వెయ్యికి పైగా ఉంటాయి. మిగిలినవన్నీ కేంద్రకం నుంచి వస్తుంటే, బాక్టీరియా మూలం అన్న వాదన బలహీనపడదా?

దీనికి జవాబు మన చేలల్లోనే ఉంది. మైటోకాండ్రియాలో శ్వాసక్రియకు అవసరమైన ఒక ప్రొటీన్‌కు సంబంధించిన జన్యువు పేరు కాక్స్2. చాలా మొక్కల్లో ఇది మైటోకాండ్రియా డీఎన్ఏలోనే ఉంటుంది. బఠానీలోనూ పనిచేసే కాక్స్2 అక్కడిదే. పెసరలో, బొబ్బెరలో (అలసందలో) మాత్రం అది మైటోకాండ్రియాలో లేదు, కేంద్రకంలో ఉంది. సోయా ఈ రెంటికీ మధ్యస్థం. దానిలో రెండు చోట్లా ప్రతులున్నాయి. కేంద్రకంలోనిది పనిచేస్తుంది, మైటోకాండ్రియాలోనిది నిశ్శబ్దంగా పడి ఉంది. ఒకే పప్పుజాతి కుటుంబంలో ఈ వలస వేర్వేరు దశలు పక్కపక్కనే కనిపిస్తున్నాయి.

ఈ జన్యువు కేంద్రకంలోనే మొదటి నుంచీ ఉండి, బఠానీలో తర్వాత మైటోకాండ్రియాకు వెళ్లి ఉండకూడదా అని అడగవచ్చు. 1991లో న్యూజెంట్, పామర్ ఈ ప్రశ్నకు జవాబిచ్చే ఒక చక్కని గుర్తును పట్టుకున్నారు. మొక్కల మైటోకాండ్రియాలో డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ ప్రతి తయారయ్యాక, దానిలో కొన్ని ఎంపిక చేసిన చోట్ల సీ అక్షరాన్ని యూగా దిద్దుతారు. ఇది మైటోకాండ్రియా లోపల జరిగే దిద్దుబాటు. దిద్దిన ప్రతినే చదివి ప్రొటీన్ చేస్తారు. పెసర, బొబ్బెరల కేంద్రకంలోని కాక్స్2 జన్యువు బఠానీ మైటోకాండ్రియా డీఎన్ఏను కాకుండా, ఈ దిద్దిన ఆర్ఎన్ఏను ఎక్కువగా పోలి ఉంది. అంటే మైటోకాండ్రియాలో తయారై దిద్దుబాటు కూడా పూర్తయిన ఆర్ఎన్ఏ, తిరిగి డీఎన్ఏగా మారి కేంద్రకంలో చేరింది. కొత్త చోటికి వచ్చాక దానికి ముందు భాగంలో మరో తునక చేరింది. కణద్రవ్యంలో తయారైన ప్రొటీన్‌ను మైటోకాండ్రియాకు చేర్చే చిరునామా చీటీ లాంటిదది. ఆ చీటీ లేకుంటే వలస వచ్చిన జన్యువు వల్ల ప్రయోజనం ఉండదు, మైటోకాండ్రియాలోని పాత ప్రతి పోతే మొక్కే బతకదు.

ఇలాంటి వలస అరుదైన ఘటన కాదు. పొగాకు హరితరేణువులో ఒక గుర్తు జన్యువును పెట్టి, అది కేంద్రకంలోకి ఎంత తరచుగా చేరుతుందో ఆస్ట్రేలియాలో టిమ్మిస్ బృందం 2003లో కొలిచింది. దాదాపు పదహారు వేల పుప్పొడి రేణువులకు ఒకదానిలో అది జరిగింది. వరి పదో క్రోమోజోములో హరితరేణువు డీఎన్ఏ దాదాపు మొత్తం, సుమారు 1,31,000 అక్షరాల ముక్కగా ఉంది. ఇలా చేరిన ముక్కల్లో చాలా వరకు పనికిరాని శకలాలుగా పడి ఉంటాయి. సరైన చిరునామా చీటీ దొరికినవి మాత్రమే పెసరలోని కాక్స్2లా స్థిరపడతాయి. కేంద్రకంలో ఉన్నా తమ పుట్టుకను దాచుకోని జన్యువులూ ఉన్నాయి. హరితరేణువు చీలేటప్పుడు నడుముకు కట్టినట్టుగా ఏర్పడే ఎఫ్‌టీఎస్‌జెడ్ అనే ప్రొటీన్ వలయం మొక్క కేంద్రక జన్యువు నుంచే వస్తుంది, కానీ దాని దగ్గరి బంధువు సయనోబాక్టీరియాలో చీలికను నడిపే ప్రొటీనే.

అన్నీ ఎందుకు వెళ్లిపోలేదన్నదానికి పూర్తి ఏకాభిప్రాయం లేదు. కొన్ని ప్రొటీన్లు నీటిని ఎంతగా విరోధిస్తాయంటే, వాటిని కణద్రవ్యంలో తయారు చేసి పొరలు దాటించడం కష్టమని ఒక వాదన. శక్తి ప్రవాహం మారిన వెంటనే స్పందించడానికి కీలకమైన జన్యువులు అక్కడికక్కడే ఉండాలని మరో వాదన. జంతువుల్లో ఇంకో అడ్డంకి ఉంది. మామూలుగా 'ఆపు' అని అర్థమయ్యే ఒక మూడక్షరాల సంకేతాన్ని వాటి మైటోకాండ్రియా ఒక అమైనో ఆమ్లంగా చదువుతుంది. అలాంటి జన్యువు కేంద్రకానికి వెళ్తే ప్రొటీన్ మధ్యలోనే తెగిపోతుంది.

జన్యువులను తక్కువగా పోగొట్టుకున్న మైటోకాండ్రియా కూడా దొరికింది. రెక్లినోమోనాస్ అనే ఏకకణ జీవి మైటోకాండ్రియా డీఎన్ఏను 1997లో చదివినప్పుడు 97 జన్యువులు కనిపించాయి. వాటిలో డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ ప్రతి తీసే బాక్టీరియా తరహా ఆర్ఎన్ఏ పాలిమరేజ్ జన్యువులూ ఉన్నాయి. మనిషి మైటోకాండ్రియా ఈ యంత్రాన్ని ఎప్పుడో వదిలేసి, వైరస్‌ల తరహాదాన్ని వాడుతోంది.

సిద్ధాంతం ఎక్కడ ఆగుతుంది

మార్గులిస్ 1967లో మూడో ప్రతిపాదన కూడా చేసింది. కణానికి కదలికనిచ్చే కశాభాలు కూడా ఒక రకం బాక్టీరియా నుంచే వచ్చాయని ఆమె వాదన. కశాభం మొదట్లో సొంత డీఎన్ఏ ఉందని 1989లో ఒక ప్రకటన వచ్చింది, తర్వాతి పరీక్షల్లో అది నిలవలేదు. కశాభం ప్రొటీన్లకు ఏ ప్రత్యేక బాక్టీరియా కొమ్మతోనూ బంధుత్వం కనిపించలేదు. మిగిలిన రెంటినీ గెలిపించిన కొలమానమే ఈ మూడోదాన్ని ఓడించింది.

మైటోకాండ్రియాకు అత్యంత దగ్గరి బాక్టీరియా ఏదన్నది కూడా ఇంకా వివాదంలోనే ఉంది. చాలాకాలం టైఫస్ జ్వరం కలిగించే రికెట్సియా వర్గం అని భావించారు. ఆ రెంటి జన్యువుల్లోనూ ఏ, టీ అక్షరాలు ఎక్కువ కావడం వల్ల అవి దగ్గరగా ఉన్నట్టు కనిపించి ఉండవచ్చని 2018లో ఒక విశ్లేషణ చూపింది. ఆ పొరపాటును సవరిస్తే మైటోకాండ్రియా మనకు తెలిసిన ఆల్ఫా ప్రొటియోబాక్టీరియాలన్నిటికీ పక్కన, వాటి కంటే ముందే విడిపోయిన కొమ్మగా వస్తుంది. ఆతిథ్యమిచ్చిన కణం మాత్రం బాక్టీరియాలకు వేరైన, కేంద్రకం లేని సూక్ష్మజీవులైన ఆర్కియా వర్గానిదని, 2015లో ఆ వర్గానికి చెందిన లోకి ఆర్కియా వెల్లడయ్యాక ఎక్కువమంది అంగీకరిస్తున్నారు.

సహజీవి కణాంగంగా మారే ప్రక్రియ ఒక్కసారే జరిగి ఆగిపోలేదు. పాలినెల్లా అనే అమీబా లాంటి జీవి, హరితరేణువుతో సంబంధం లేకుండా, మరో సయనోబాక్టీరియాను లోపల పెట్టుకుంది. దానికి ఇంకా పది లక్షలకు పైగా అక్షరాల డీఎన్ఏ, 860కి పైగా ప్రొటీన్ జన్యువులు మిగిలి ఉన్నాయి. ఒక సముద్ర శైవలంలో నత్రజనిని స్థిరీకరించే సయనోబాక్టీరియా, ఆతిథ్య కణం తయారు చేసిన ప్రొటీన్లను లోపలికి తీసుకుంటోందని 2024లో తేలింది. దానితో దాన్ని సహజీవి అనడం మాని కణాంగంగా లెక్కించడం మొదలైంది.

వరి మడిలో పెరిగే అజొల్లా ఆకుల్లో కూడా నత్రజనినిచ్చే సయనోబాక్టీరియా ఉంటుంది. అజొల్లా తరం మారినప్పుడల్లా అదీ సిద్ధబీజంతో పాటే తర్వాతి తరానికి వెళ్తుంది. దాని జన్యువుల్లో దాదాపు మూడో వంతు చెడిపోయి ఉన్నాయి, విడిగా బతకగలిగిన దాఖలా లేదు. అయినా అది కణాంగం కాదు, ఎందుకంటే అది అజొల్లా కణాల లోపల లేదు. ఆకు గుహికలో, కణాల బయటే ఉంది.